కాల్, పుట్, స్ట్రైక్, ఎక్స్‌పైరీ: ఒక్క ఆప్షన్ కాంట్రాక్టు, కొన్న రోజు నుంచి గడువు రోజు దాకా

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో ఎకరం బత్తాయి తోట అమ్మకానికి వచ్చిందనుకోండి. బేరం 30 లక్షల దగ్గర తెగింది. అటుగా రోడ్డు వెడల్పు చేస్తారని ఊళ్లో మాట. అది నిజమైతే ధర పెరుగుతుంది, కాకపోతే 30 లక్షలు కూడా ఎక్కువే. కొనేవాడు తోట యజమానితో ఇలా అంటాడు: "అన్నా, ఈ 50 వేలు ఉంచు. మూడు నెలల్లో నేనొచ్చి 30 లక్షలకు కొంటనంటే నువ్వు ఇయ్యాలె. రాకపోతే ఈ 50 వేలు నీయే, నన్నేం అడగొద్దు."

యజమాని ఒప్పుకుంటే అక్కడ ఒక కాల్ ఆప్షన్ పుట్టినట్టే. నిర్ణయించిన ధరకు కొనే హక్కును కాల్ అంటారు. ఆ 30 లక్షలు స్ట్రైక్ ప్రైస్. మూడు నెలల గడువు ఎక్స్‌పైరీ. 50 వేలు ప్రీమియం, అంటే హక్కు వెల.

ఇది మనవైపు బయానాలా కనిపిస్తుంది కానీ బయానా కాదు. రెండు చోట్ల తేడా ఉంది. బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకుంటే ఇద్దరూ కట్టుబడాలి, కొనేవాడు వెనక్కి తగ్గితే అమ్మేవాడు కోర్టుకు కూడా పోవచ్చు. ఆప్షన్‌లో కట్టుబడేది ఒక్క అమ్మినవాడే. కొన్నవాడికి హక్కే తప్ప బాధ్యత లేదు. రెండోది, బయానా సొమ్ము చివరికి తోట ధరలో కలుస్తుంది. ప్రీమియం కలవదు. తోట కొన్నా 30 లక్షలు పూర్తిగా కట్టాలి, కొనకపోయినా 50 వేలు తిరిగి రావు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ రెండో తేడా దగ్గరే. ప్రీమియాన్ని అడ్వాన్సు అనుకుంటే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

ఇంకొక్క మెట్టు ఎక్కుదాం. రెండు నెలలు గడిచాయి, రోడ్డు ఖాయమైంది, ఎకరం 33 లక్షలు పలుకుతోంది. కొన్నవాడి దగ్గర 30 లక్షలు లేకపోయినా పరవాలేదు. 33 లక్షల సరుకును 30కే ఇప్పించే కాగితం అతని చేతిలో ఉంది కాబట్టి ఆ కాగితాన్నే మూడు లక్షల పైచిలుకుకు మరొకరికి అమ్మేయొచ్చు. షేర్ మార్కెట్‌లో ఆప్షన్ కొన్నవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. ఎక్స్‌పైరీ దాకా ఆగరు, తోట కొనరు, కాగితం కొంటారు, కాగితం అమ్ముతారు.

పుట్: పత్తి రైతుకు తెలిసిన హక్కే

పుట్ అంటే నిర్ణయించిన ధరకు అమ్మే హక్కు. జడ్చర్ల చుట్టుపక్కల పత్తి వేసే రైతుకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. 2025–26 సీజన్‌కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట వ్యాపారి 7,000 అంటే రైతు పత్తిని సీసీఐ కేంద్రానికి తోలుకుపోతాడు. వ్యాపారి 9,000 ఇస్తానంటే అతనికే అమ్ముతాడు, కేంద్రానికి రాలేదేమని సీసీఐ అడగదు. హక్కు రైతుది, కొనాల్సిన బాధ్యత అవతలివాళ్లది. 8,110 స్ట్రైక్, కొనుగోళ్లు మూసే రోజు ఎక్స్‌పైరీ. తేమ 12 శాతం దాటితే పత్తి తీసుకోరన్నట్టే ప్రతి కాంట్రాక్టుకూ షరతులుంటాయి, వాటిని ముందే చదవాలి. పెద్ద తేడా ఒకటే: మద్దతు ధర హక్కుకు రైతు ప్రీమియం కట్టడు. మార్కెట్‌లో పుట్ కావాలంటే ప్రతిసారీ కట్టాలి.

మొదటి అడుగు: తెర మీద ఏముందో చదవడం

మన దేశంలో విడి షేర్ల మీద ఆప్షన్లు 2001 జూలైలో ఎన్‌ఎస్‌ఈలో మొదలయ్యాయి. ట్రేడింగ్ యాప్‌లో ఏదైనా షేరు తెరిచి ఆప్షన్ చైన్ నొక్కితే ఒక పట్టిక వస్తుంది. మధ్య వరుసలో స్ట్రైక్ ధరలు, ఎడమవైపు కాల్స్, కుడివైపు పుట్స్. కాల్‌కు CE అని, పుట్‌కు PE అని రాసి ఉంటుంది. ఆ E యూరోపియన్ అనే మాటకు గుర్తు. అంటే కాంట్రాక్టులోని హక్కును ఎక్స్‌పైరీ రోజున మాత్రమే వాడుకోవచ్చు. అయితే కాంట్రాక్టును ఇంకొకరికి అమ్మడానికి ఆ నిబంధన అడ్డు కాదు, మార్కెట్ తెరిచి ఉన్న ఏ రోజైనా అమ్మొచ్చు.

విడి షేర్ల ఆప్షన్లు నెలకొకసారి ముగుస్తాయి. 2025 సెప్టెంబర్ నుంచి ఎన్‌ఎస్‌ఈలో అది నెలలో చివరి మంగళవారం, ఆ రోజు సెలవైతే అంతకు ముందటి ట్రేడింగ్ రోజు. ఒక్క షేరుకు ఆప్షన్ దొరకదు, లాట్ ప్రకారమే కొనాలి. లాట్ ఎంతో ఎక్స్ఛేంజీ చెబుతుంది, అప్పుడప్పుడూ మారుస్తుంది కూడా. అందుకే కొనే ముందు చూసుకోవాలి. తెర మీద ప్రీమియం ఒక్క షేరు లెక్కన కనిపిస్తుంది. 22 అని చూసి 22 రూపాయలే కదా అనుకోకూడదు, లాట్ 500 అయితే కట్టేది 11,000.

రెండో అడుగు: స్ట్రైక్ ఎంచుకోవడం

ఇక్కడి నుంచి ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఒక కంపెనీ షేరు ఈ రోజు 1,000 రూపాయలు. లాట్ 500. ఎక్స్‌పైరీకి 28 రోజులుంది. షేరు ఓ మోస్తరుగా ఊగుతుందనుకుని లెక్క కడితే కాల్ ధరలు సుమారు ఇలా ఉంటాయి: 960 స్ట్రైక్‌కు 56 రూపాయలు, 1,000 స్ట్రైక్‌కు 31, 1,020కి 22, 1,100కి 4.

960 కాల్‌కు 56 ఎందుకు? 1,000 విలువైన షేరును 960కే ఇప్పించే హక్కు కాబట్టి అందులో 40 రూపాయలు ఇప్పటికే ఉన్నాయి. దాన్ని అసలు విలువ అందాం. మిగతా 16 రూపాయలు, ఈ 28 రోజుల్లో ఇంకా పెరగొచ్చన్న ఆశకు కట్టే వెల. అది కాలం విలువ. అసలు విలువ ఉన్న ఆప్షన్‌ను మార్కెట్‌లో ఇన్ ద మనీ అంటారు, లేనిదాన్ని అవుట్ ఆఫ్ ద మనీ అంటారు. 1,020 కాల్‌లో అసలు విలువ సున్నా. ఇవాళ బయట 1,000కి దొరికే షేరును 1,020కి కొనే హక్కు ఎవరికి కావాలి? అయినా 22 పలుకుతోందంటే ఆ మొత్తం కాలం విలువే.

కొత్తవాళ్ల కన్ను 1,100 కాల్ మీద పడుతుంది. లాట్‌కు 2,000 రూపాయలే, పోతే పోయింది అనిపిస్తుంది. కానీ ఆ 2,000 తిరిగి రావాలన్నా ఎక్స్‌పైరీ రోజుకు షేరు 1,104కు చేరాలి, అంటే 28 రోజుల్లో 10 శాతానికి పైగా పెరగాలి. చవగ్గా ఉందంటే దానికి కారణం అది జరిగే అవకాశం తక్కువ అని. ఇక్కడ మా మాట సూటిగా చెబుతాం: నేర్చుకునే దశలో ఇలాంటి దూరపు స్ట్రైక్‌ల జోలికి పోకండి. డబ్బు పోతుందన్నది ఒక కారణం. ఇంకో కారణం, షేరు కదిలినా ప్రీమియం పెద్దగా కదలదు కాబట్టి వాటి నుంచి నేర్చుకునేది కూడా ఏమీ ఉండదు.

మూడో అడుగు: కొన్న రోజే చివరి లెక్క రాసుకోవడం

1,020 కాల్‌ను 22కు కొన్నామనుకుందాం. 500 షేర్ల లాట్‌కు 11,000 కట్టాం. నష్టం ఎంత పెద్దదైనా ఈ 11,000 దాటదు. పెట్టుబడి తిరిగి వచ్చే గీత స్ట్రైక్ మీద ప్రీమియం కలిపితే వస్తుంది: 1,020, 22 కలిపి 1,042. బ్రోకరేజీ, పన్నులు కలిస్తే ఇంకాస్త పైకి. ఇప్పుడు ఎక్స్‌పైరీ రోజు షేరు మూడు చోట్ల ఆగినట్టు ఊహించి రాద్దాం.

షేరు 1,070 దగ్గర ముగిస్తే కాల్ విలువ 50. కట్టిన 22 పోను 28 మిగులుతుంది, లాట్‌కు 14,000 లాభం. 1,015 దగ్గర ముగిస్తే కాల్ విలువ సున్నా, 11,000 మొత్తం పోతుంది. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది మధ్యలోది. 1,030 దగ్గర ముగిస్తే కాల్ విలువ 10 రూపాయలు, కట్టింది 22, లాట్‌కు 6,000 నష్టం. షేరు పెరుగుతుందనుకున్నాం, 3 శాతం పెరిగింది కూడా. అయినా నష్టమే వచ్చింది. అదే మనిషి 500 షేర్లు కొని ఉంటే 15,000 లాభంలో ఉండేవాడు, కాకపోతే దానికి 5 లక్షలు పెట్టాల్సి వచ్చేది.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. విడి షేర్ల ఆప్షన్లలో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తక్కువమందే ఉన్న స్ట్రైక్‌లు చాలా ఉంటాయి. కొంటామనేవాడు 20 అంటాడు, అమ్ముతామనేవాడు 24 అంటాడు. మార్కెట్ ఆర్డర్ పెడితే 24కు కొంటాం, మరుక్షణం అమ్మాలంటే 20 వస్తుంది. షేరు కదలకుండానే లాట్‌కు 2,000 పోయింది. అందుకే ఎప్పుడూ లిమిట్ ఆర్డరే పెట్టి, 22 అని మన ధర చెప్పి ఆగాలి. LTP అని కనిపించేది చివరిగా జరిగిన బేరం ధర మాత్రమే, అది రెండు గంటల కిందటిదైనా కావచ్చు.

నాలుగో అడుగు: రోజులు కరగడాన్ని చూడడం

ఆప్షన్‌లో అర్థం చేసుకోవాల్సిన అసలు సంగతి ఇక్కడుంది, కొంచెం నిదానంగా చదవండి. షేరు అదే 1,000 దగ్గర కదలకుండా కూర్చుందనుకోండి. మన 1,020 కాల్ 28 రోజులప్పుడు 22 ఉంది. 14 రోజులు మిగిలేసరికి అది సుమారు 13. వారం మిగిలేసరికి 7. రెండు రోజులు మిగిలేసరికి 2 రూపాయల లోపు. మొదటి రెండు వారాల్లో రోజుకు 65 పైసల లెక్కన తగ్గింది, తర్వాతి వారంలో రోజుకు 85 పైసలు, ఆ తర్వాతి ఐదు రోజుల్లో రోజుకు రూపాయి చొప్పున. అంటే కాలం విలువ సమంగా కరగదు, 1,020 లాగా షేరు ధరకు దగ్గర్లో ఉన్న స్ట్రైక్‌లకు గడువు దగ్గరపడే కొద్దీ కరిగే వేగం పెరుగుతుంది. శని, ఆదివారాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు షేరు మన వైపే కదిలిందనుకుందాం. మూడు వారాల్లో 1,000 నుంచి 1,012కు పెరిగింది. ప్రీమియం పెరగాలి కదా? తెర మీద 11 రూపాయలు ఉంటుంది. సగానికి పడింది. యాప్ తప్పు చూపించడం లేదు, ఎవరూ మోసం చేయడం లేదు. షేరు పెరగడం వల్ల ప్రీమియానికి నాలుగైదు రూపాయలు కలిశాయి, 21 రోజులు గడవడం వల్ల 15 రూపాయలు పోయాయి. కాల్ కొన్నవాడు రెండు విషయాల్లో నెగ్గాలి. షేరు పెరగాలి, ఆ పెరుగుదల రోజులు కరిగేలోపే రావాలి. మొదటిదొక్కటే సరిగ్గా పట్టుకుంటే సరిపోదు.

నష్టానికి ఇంకో దారి ఉంది. ఎల్లుండి కంపెనీ ఫలితాలు వస్తాయంటే షేరు ఎటైనా ఎగరొచ్చని అందరూ అనుకుంటారు, ఆప్షన్లు అమ్మేవాళ్లు ఎక్కువ అడుగుతారు. మామూలుగా 22 ఉండాల్సిన కాల్ 30 అవుతుంది. ఫలితాలు వచ్చాక అనిశ్చితి తీరిపోతుంది, ఆ అదనపు 8 రూపాయలు ఒక్క పూటలో దిగిపోతాయి. షేరు 10 రూపాయలు పెరిగి కూడా ప్రీమియం తగ్గడం ఇలాగే జరుగుతుంది. ఆప్షన్ చైన్‌లో IV అనే వరుస ఈ వేడినే చూపిస్తుంది. ఆ అంకె ఆ షేరుకు మామూలుగా ఉండేదానికన్నా బాగా ఎక్కువుంటే, ఆప్షన్ ఖరీదుగా ఉన్నప్పుడు కొంటున్నామని అర్థం.

పుట్‌తో ఉన్న షేర్లను కాపాడుకోవడం

ఎవరి దగ్గరైనా ఇవే 500 షేర్లు ఉన్నాయి, నెల రోజుల్లో ధర పడుతుందని భయం, కానీ అమ్మడం ఇష్టం లేదు. 980 పుట్ ఒక లాట్ కొంటారు, ప్రీమియం సుమారు 18, అంటే 9,000 ఖర్చు. ఎక్స్‌పైరీకి షేరు 900కు పడిందనుకోండి. షేర్ల మీద నష్టం 50,000. పుట్ విలువ 80, దాని ప్రీమియం పోను 62, లాట్‌కు 31,000 లాభం. రెండూ కలిపితే నష్టం 19,000. షేరు 700కు పడినా నష్టం అదే 19,000, ఎందుకంటే 980లోంచి ప్రీమియం 18 తీస్తే వచ్చే 962 కిందికి మనల్ని పోనివ్వదు. షేరు పెరిగితే 9,000 పోతుంది, షేర్ల లాభంలోంచి అంత తగ్గించుకుంటే సరి. మా ఉద్దేశంలో మామూలు మదుపరికి ఆప్షన్ నిజంగా పనికొచ్చే చోటు ఇదే.

అమ్మేవైపు ఎలా ఉంటుంది

మనం కట్టిన 11,000 ఎవరికి పోయింది? ఆ 1,020 కాల్‌ను అమ్మినవాడికి. షేరు 1,020 లోపల ముగిస్తే అతనికి అది మొత్తం మిగులుతుంది. రోజులు కరగడం అతని పక్షాన పనిచేస్తుంది కాబట్టి అమ్మడం సులువైన సంపాదనలా కనిపిస్తుంది. కానీ ఏదో వార్తతో షేరు 1,150కు ఎగిరితే అతను షేరుకు 130 ఇవ్వాలి, లాట్‌కు 65,000. తీసుకున్న 11,000 పోను 54,000 నష్టం, షేరు ఇంకా ఎగిరితే ఇంకా ఎక్కువ. పైన గీత లేదు. అందుకే ఎక్స్ఛేంజీ అమ్మేవాడి దగ్గర ప్రీమియానికి ఎన్నో రెట్లు మార్జిన్, అంటే పూచీ సొమ్ము, పట్టుకుంటుంది, అది చాలకపోతే ఇంకా కట్టమంటుంది, కట్టకపోతే బ్రోకర్ తనే కాంట్రాక్టును మూసేయొచ్చు. అవతలివాడు ఎగ్గొడతాడేమోనన్న భయం కొన్నవాడికి అక్కర్లేదు, మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ పూచీ ఉంటుంది.

సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పైన చెప్పిన కాలం కరుగుదల, ధరల ఎడం, ఖర్చులు కలిసి ఏం చేస్తాయో ఆ అంకె చెబుతుంది.

చివరి అడుగు: ఎక్స్‌పైరీ వారం

నిఫ్టీ లాంటి సూచీల ఆప్షన్లు నగదుతో తేలిపోతాయి, తేడా డబ్బు ఖాతాలో పడుతుంది. విడి షేర్ల ఆప్షన్లు అలా కాదు. 2019 అక్టోబర్ నుంచి అవన్నీ షేర్ల డెలివరీతోనే ముగుస్తున్నాయి. మన 1,020 కాల్ ఎక్స్‌పైరీ రోజు 1,030 దగ్గర ఇన్ ద మనీలో ముగిసిందంటే 500 షేర్లను 1,020 చొప్పున కొనాలి. 5,10,000 రూపాయలు ఖాతాలో ఉండాలి. కొన్నవాడికి హక్కే తప్ప బాధ్యత లేదన్నాం కదా? ఇన్ ద మనీలో ముగిసిన ఆప్షన్ దానంతటదే అమలవుతుంది. వద్దనుకుంటే గడువుకు ముందే అమ్ముకోవాలి. 11,000 పెట్టి కొన్నవాళ్లు ఐదు లక్షల మాట విని ఉలిక్కిపడేది ఇక్కడే.

హెచ్చరిక ముందే వస్తుంది. ఎక్స్‌పైరీకి నాలుగు ట్రేడింగ్ రోజుల ముందు నుంచి ఇన్ ద మనీలో ఉన్న ఆప్షన్లకు, కొన్నవాళ్ల దగ్గర కూడా డెలివరీ మార్జిన్ అడగడం మొదలవుతుంది, రోజురోజుకూ పెరుగుతుంది. ఖాతాలో మార్జిన్ కొరత అని ఎరుపు రంగులో కనిపిస్తే దాని అర్థం అదే. చాలామంది బ్రోకర్లు డబ్బు లేని ఖాతాల కాంట్రాక్టులను తామే అమ్మేస్తారు, అప్పుడు వచ్చిన ధరే ధర. డెలివరీ ఉద్దేశం లేకపోతే ఎక్స్‌పైరీ వారం మొదలయ్యేలోపే అమ్మి బయటపడడం మంచిది. చివరి మంగళవారం మధ్యాహ్నం దాకా ఆగితే ఇన్ ద మనీ ఆప్షన్లను కొనేవాళ్లు తగ్గిపోతారు, 10 విలువైనదానికి 8 అడుగుతారు.

పుట్ కొన్నవాళ్లకు ఇది తిరగబడి వస్తుంది. 980 పుట్ ఉంది, షేరు 950 దగ్గర ముగిసింది, డీమ్యాట్‌లో 500 షేర్లు ఉంటే అవి 980 చొప్పున అమ్ముడవుతాయి, అనుకున్నదే జరిగింది. షేర్లు లేకుండా పుట్ మాత్రమే కొన్నవాళ్లు ఆ 500 షేర్లను ఇవ్వలేరు. అప్పుడు ఎక్స్ఛేంజీ వాటిని వేలంలో కొని ఇస్తుంది, ఆ ధర తేడా, జరిమానా వీళ్ల మీద పడతాయి. కాబట్టి షేర్లు లేని పుట్‌లో లాభం కనిపిస్తుంటే దాన్ని గడువు రోజు దాకా మోయకుండా అమ్మేయాలి.